వదిన వరసైతేనే పాట

ప్రశ్న: "వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. మాది కోనసీమ, మగపెళ్ళివారిది కరీంనగర్. మా పెద్దమ్మకి 78 ఏళ్ళు. వియ్యాలవారి బంతిలో పాటలు పాడకపోతే అది పెళ్ళే కాదంటుంది. ఆవిడ పాటలు కొన్ని వింటే నాకే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. వియ్యపురాలికి భర్త పోయి మూడేళ్ళు. ఆవిడ తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు, పెళ్ళికొడుకు మేనత్త అందరూ వస్తారు. మా అమ్మాయేమో 'ఆ పాటలు మొదలెడితే నేను ఆ ఇంట్లో తలెత్తుకోలేను' అని ఏడుస్తోంది. పెద్దమ్మని ఆపనా, అమ్మాయికి సర్దిచెప్పనా?"
— ఒక తల్లి, అమలాపురం

సమాధానం:

రెండూ వద్దు. పెద్దమ్మగారిని పాడనివ్వండి. అయితే ఆవిడ పాట మీ వియ్యపురాలి మీద కాదు, వియ్యపురాలి తల్లిగారి మీద ఉండాలి. ఎందుకో చెబుతాను. మీ చిక్కు సగం అక్కడే విడిపోతుంది.

మన పెళ్ళిళ్ళలో ఎవరు ఎవర్ని ఆటపట్టించవచ్చో నోటి దురుసు బట్టి తేలదు, వరసను బట్టి తేలుతుంది. వదినా మరదళ్ళకి, బావా బావమరుదులకి ఎగతాళి హక్కు ఉంది. అత్తకీ అల్లుడికీ లేదు, మామకీ కోడలికీ లేదు. నిశ్చితార్థం అయిన రోజు నుంచి మీరు పెళ్ళికొడుకు తల్లిని "వదినగారూ" అంటున్నారు కదా. ఆ పిలుపుతోనే మీకు ఆవిడ్ని వేళాకోళం చేసే హక్కు వచ్చింది, ఆవిడకీ మీ మీద వచ్చింది. ఆవిడ చెల్లెళ్ళిద్దరూ కూడా మీకు వదినలే. కానీ పెళ్ళికొడుకు మేనత్త? పెళ్ళికొడుకు తండ్రి మీకు అన్నయ్య వరస. ఆయన తోబుట్టువు మీకు అక్కో చెల్లెలో అవుతుంది. ఆవిడ మీద మీరు పాట కట్టకూడదు. ఆవిడకి సరైన జోడీ మీ ఆడపడుచు, అంటే అమ్మాయి మేనత్త. వాళ్ళిద్దరూ వదినా మరదళ్ళు. ఒకసారి కాగితం మీద గీసుకుని చూడండి, జోడీలు ఎలా అడ్డంగా కుదురుతాయో తెలుస్తుంది. మేనరికాలు చేసుకున్న జాతి కట్టిన లెక్క ఇది. ఎక్కడ పెళ్ళి కలవడానికి వీలుందో అక్కడ పరాచికం ఉంటుంది, ఎక్కడ లేదో అక్కడ మర్యాద ఉంటుంది.

ఇప్పుడు పెద్దమ్మగారి సంగతి. ఆవిడ మీకు తల్లితో సమానం. మీ వియ్యపురాలికి అత్త వరస అవుతుంది. అత్త స్థానంలో ఉన్న పెద్దావిడ కోడలి వయసు మనిషిని పదిమందిలో పచ్చిగా పాడితే, ఆ కోడలు తిరిగి ఏమనగలదు? పెద్దరికానికి అడ్డు చెప్పలేక తలొంచుకు తింటుంది. అప్పుడది ఆటలా ఉండదు, మనిషిని నిలబెట్టి తిట్టినట్టుంటుంది. మీరు చెవులు మూసుకోవాలనుకున్నది మాటలు పచ్చివని మాత్రమే కాదనుకుంటాను, జవాబు చెప్పలేని మనిషిని అంటున్నారని కూడా అయ్యుంటుంది. అదే పాట పెళ్ళికొడుకు అమ్మమ్మ మీద పాడితే? వాళ్ళిద్దరూ ఒక తరం, వదినల వరస. కరీంనగర్ ముసలమ్మ ఊరుకుంటుందా! "ఏం వదినె, గంత ఆత్రమేంది" అని ఎదురు తిరుగుతుంది. అప్పుడు మీ పెద్దమ్మగారికీ సంబరమే, ఎన్నేళ్ళకో తన ఈడు మనిషి దొరికిందని.

అసలు ఈ తిట్లు పెళ్ళిలో ఎందుకున్నాయో అమ్మాయికి మీరు చెప్పాలి, లేకపోతే ఆమెకి ఇది మొరటుతనంగానే కనిపిస్తుంది. పెళ్ళి జరిగినన్నాళ్ళూ ఆడపిల్లవారిది వంగి ఉండే పనే. ఎదురు వెళ్ళాలి, పానకం బిందెలు పట్టుకెళ్ళాలి, కాళ్ళు కడగాలి, విడిదిలో కాఫీ ఆలస్యమైందంటే చేతులు నలుపుకోవాలి. పిల్లనిచ్చి మరీ ఇన్ని దణ్ణాలు పెట్టే మనుషులకి నోరు తెరిచే చోటు ఒక్కటే, బంతి. మగపెళ్ళివారు ఆకు ముందు కూచున్నాక, చెయ్యి అన్నంలో ఉండగా, లేచిపోవడానికి వీల్లేని ఆ అరగంట ఆడపిల్లవారిది. ముందురోజు ఎదుర్కోలులో వెయ్యలేని ప్రశ్నలన్నీ పాటలో వేస్తారు. దీన్ని మానవశాస్త్రం చదివినవాళ్ళు కూడా పట్టించుకున్నారు. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1940లో రాసిన వ్యాసంలో ఇలాంటి పరిహాసపు చుట్టరికాల గురించి చెప్పాడు: కలిసి బతకాల్సిన, కానీ ప్రయోజనాలు వేరైన రెండు పక్షాలు నిజం గొడవ రాకుండా చూసుకోవడానికి రెండే దారులు, ఒకటి దూరం పాటించడం, రెండోది కోపం తెచ్చుకోకూడదన్న షరతు మీద ఒకర్నొకరు ఏడిపించుకోవడం. మనవాళ్ళు అత్తా అల్లుళ్ళకి మొదటిది, వియ్యపురాళ్ళకి రెండోది పెట్టారు.

భద్రాచలంలో శ్రీరామనవమికి ముందురోజు జరిగే ఎదుర్కోలు చూశారా? అర్చకులే రెండు జట్లుగా విడిపోయి, ఒకరు రాములవారి వైపు, ఒకరు సీతమ్మ వైపు నిలబడి, మావాళ్ళు గొప్పంటే మావాళ్ళు గొప్పని వాదించుకుంటారు. సీతమ్మ పుట్టిల్లు మిథిలలో అయితే ఇంకా తిన్నగా తిడతారు. అక్కడ పెళ్ళి పాటల్లో తిట్ల పాటలకి 'గారీ' అనే పేరుంది. తులసీదాసు రామచరితమానస్ బాలకాండలో జనకుడి ఇంటి విందు వర్ణిస్తూ, ఆడవాళ్ళు మగవాళ్ళ పేర్లూ ఆడవాళ్ళ పేర్లూ పెట్టి తియ్యని గొంతుతో తిట్లు పాడారనీ, సమయానికి తగిన తిట్టు శోభగా ఉంటుందనీ, దశరథుడు పరివారంతో సహా విని నవ్వాడనీ రాశాడు. అమ్మాయికి ఆ 'సమయానికి తగిన' అన్న మాట చెప్పండి. ఆమె భయమంతా ఆ మాట దగ్గరే ఉంది, అందులో ఆమెది తప్పేమీ లేదు.

ఎందుకంటే ఈ పాట చెడితే ఎలా చెడుతుందో నాకు బాగా తెలుసు. చెడగొట్టింది నేనే. 1998లో మా దగ్గరి చుట్టాలమ్మాయి పెళ్ళి. బంతిలో వియ్యపురాలికి నేను వదిన వరసే, పాడే హక్కుంది. మా అత్తయ్య దగ్గర నేర్చుకున్న ఒరవడిలో ఒక చరణం అందుకున్నాను, వదిన మెడలో గొలుసు గిల్టుదనీ, గోకితే ఇత్తడి బయటపడుతుందనీ. ఎన్నో పెళ్ళిళ్ళలో పాడినదే, ఎప్పుడూ నవ్వులే. ఆ రోజు ఆవిడ ఎడంచెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. గొలుసు పట్టుకుంది. తరవాత పమిట కొంచెం పైకి లాగి దాన్ని కప్పుకుంది. కుడిచెయ్యి ఆకులో ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. పక్కనున్న ఆవిడ తోడికోడలు నవ్వడం మానేసి తన ఆకువంక చూసుకుంది. నాకప్పటికీ అర్థంకాక ఇంకో చరణం కూడా పాడాను. పెళ్ళి ఖర్చుకి ఆవిడ నగలన్నీ తాకట్టులో ఉన్నాయనీ, మెడలోది నిజంగానే గిల్టనీ ఆ సాయంత్రం తెలిసింది. ఆరేళ్ళు ఆవిడ నాతో మాట్లాడలేదు. ఆ ఇంటికెళ్ళిన పిల్ల ఆ ఆరేళ్ళూ నా పేరు ఎత్తడానికి భయపడింది.

అప్పట్నించీ నేను ఒక్కటే పట్టుకున్నాను. బంతి పాటలో అనేది నూటికి నూరుపాళ్ళు అబద్ధమై ఉండాలి, అబద్ధమని అక్కడున్న అందరికీ తెలిసి ఉండాలి. పుల్లలా ఉన్న మనిషిని తిండిపోతని పాడండి, నవ్వుతారు. ఒళ్ళున్న మనిషిని అనకండి. ఊరంతటికీ పెట్టే చెయ్యి ఉన్నవాళ్ళని పిసినారని పాడండి. నిజంగా పిసినారి అయితే ఆ ఊసెత్తకండి. అందుకే పాట కట్టే ముందు వాళ్ళ గురించి తెలుసుకోవాలి. మీ పెద్దమ్మగారి పాటలు ఆవిడ ఊళ్ళో, ఆవిడ చుట్టరికాల్లో పుట్టినవి. ఆ రోజుల్లో సంబంధాలు పది కోసుల లోపలే, ఎవరింట్లో ఏముందో అందరికీ తెలుసు, ఏ మాట తప్పించాలో పాడేవాళ్ళకి తెలుసు. అదే పాట తీసుకెళ్ళి కొత్తగా పరిచయమైన కరీంనగర్ వాళ్ళ ముందు పాడితే చీకట్లో రాయి విసిరినట్టే.

మీ విషయంలో ముందే పక్కన పెట్టాల్సినవి చెబుతాను. పాత పాటల్లో వియ్యపురాలికి ఎవరో ఒకర్ని అంటగట్టే చరణాలుంటాయి. ఆవిడ భర్త కళ్ళెదురుగా కూచుని మీసం తిప్పుతూ నవ్వుతుంటే అవి చెల్లేవి. భర్త లేని ఇంట్లో ఆ చరణం ఒక్కటి కూడా వినపడకూడదు, ఆవిడ మీదనే కాదు, ఆ బంతిలో ఎవరి మీదా. పెట్టుపోతల మాట, కట్నం మాట, పిల్లలు లేకపోవడం, రంగు, జబ్బు, కులం, వద్దన్నా పెళ్ళి చేసుకున్న పిల్లల సంగతి, ఇవీ వద్దు. యాస మీద కూడా వద్దని నా మనవి. కోనసీమ వాళ్ళు కరీంనగర్ మాటని వెక్కిరిస్తే అది వదినని ఏడిపించినట్టు ఉండదు, ఒక ప్రాంతాన్ని చిన్నచేసినట్టు ఉంటుంది. ఆ గాయం పెళ్ళికొడుక్కి కూడా తగులుతుంది.

అన్నీ తీసేస్తే ఏం మిగిలిందంటారా? తిండి మిగిలింది, అది చాలు. బంతి పాటకి తిండిని మించిన సరుకు లేదు. ఎదురుగా ఆకులో ఉన్నదాని మీదే పాడవచ్చు. వియ్యపురాలి చెల్లెళ్ళకి మీరూ మీ అక్కచెల్లెళ్ళూ పాడటానికి ఒకటి కట్టి ఇస్తున్నాను. మీకు నచ్చినట్టు మార్చుకోండి.

వదినమ్మ వచ్చింది వంద కోసులు దాటి
బూరెల వాసనే బాట చూపించె
ఆకేమో చాలదని అరుగంతా పరిచితే
అరుగైన మిగిలిందా, అడగవే అక్కా!

దీన్ని వాళ్ళకి ముందే పంపండి. అవును, పాట ముందే చెప్పేయమంటున్నాను. ఇది నా సలహాలో ముఖ్యమైన ముక్క. మీ వియ్యపురాలికి మీరే ఫోన్ చేసి, "వదినగారూ, మా వైపు బంతిలో పాటలు పాడే అలవాటుంది, మీ చెల్లెళ్ళని కూడా నాలుగు కట్టుకు రమ్మనండి, మేము ఓడిపోవడానికి సిద్ధంగా ఉంటాం" అని చెప్పండి. తెలంగాణ పెళ్ళిళ్ళలో వాళ్ళకీ ఎదుర్కోళ్ళ దగ్గర, నాగవెల్లి దగ్గర తమ వేళాకోళాలు ఉంటాయి. ఆట వాళ్ళకి కొత్త కాదు, బంతి దగ్గర ఆడటం కొత్త కావచ్చు. జవాబు లేని పాట తిట్టు, జవాబున్న పాట ఆట. వాళ్ళకి తోచకపోతే ఇదీ ఇవ్వండి.

అరుగు సంగతి సరే, అడుగుతా వదినా
బూరెలో పూర్ణమే కనపడదేమి?
వండినమ్మ తిన్నదా, వడ్డించినమ్మా?
వాకిట్లో నిలుచున్న మా వదిన తిన్నదా?

'వాకిట్లో నిలుచున్న వదిన' మీరే. ఆ మాటకి మీరు నిజంగా నోరు తుడుచుకుంటే బంతంతా గొల్లుమంటుంది. అక్కడ ఓడిపోవడం మీ వంతు. ఆడపిల్లవారు మొదలెట్టి, మగపెళ్ళివారితో చివరి మాట అనిపించడం నాకు తెలిసిన మంచి పద్ధతి.

మరి వియ్యపురాలిని పూర్తిగా వదిలేయాలా? వదిలేయకండి. అందర్నీ పాడి ఆవిడ ఆకు దగ్గర గొంతు తగ్గించుకుని దాటిపోతే, భర్త లేని మనిషని పక్కన పెట్టినట్టు ఆవిడకి తెలిసిపోతుంది. అది మాటల కన్నా ఎక్కువ కోస్తుంది. ఆవిడ్ని బంతిలో మొదటి ఆకు దగ్గర కూచోబెట్టండి. ఆవిడ మీద ఒక్క పాట, మీరే పాడండి, ఇంకెవరికీ ఇవ్వకండి. అదీ కొడుకు మీద పెట్టి పాడండి. వాడికి వంకాయ ముట్టుకోవడం రాదనీ, చొక్కా మడత పెట్టడం రాదనీ, ఇన్నేళ్ళు ఏం నేర్పావు వదినా అనీ. ఏ తల్లికైనా కొడుకు మీద వచ్చే ఎగతాళి తియ్యగానే ఉంటుంది. వాడికి వంట నిజంగా వస్తే ఇంకా మంచిది, అబద్ధం పూర్తిగా అబద్ధమవుతుంది. అమ్మాయినే అడిగి తెలుసుకోండి. ఆ విధంగా అమ్మాయి కూడా పాట కట్టడంలో చెయ్యి వేసినట్టవుతుంది, వద్దన్న మాట మెత్తబడుతుంది. అయితే అమ్మాయి నోరు మాత్రం కలపకూడదు. ఆమెకి వాళ్ళందరూ అత్తలు. మీ రెండో అమ్మాయి ఉంటే ఆమెకి పెళ్ళికొడుకు బావ, బిందెలో ఉంగరం దగ్గర, పెళ్ళయ్యాక వచ్చే సంక్రాంతికి కొత్త అల్లుడుగా వచ్చినప్పుడు ఎంతైనా ఏడిపించుకోవచ్చు. అతని తల్లిని కాదు.

పాట ఎప్పుడు ఎత్తుకోవాలంటే, నెయ్యి వడ్డించి పప్పన్నం రెండు ముద్దలు లోపలికి వెళ్ళాక. ఆకలి మీదున్న మనిషికి తిండిపోతన్న మాట నవ్వు తెప్పించదు, చెయ్యి ముడుచుకునేలా చేస్తుంది. పెరుగు వచ్చేసరికి ఆపేయాలి. అప్పగింతలకి ముందు మళ్ళీ ఆ గొంతు ఎత్తకూడదు. ఆ పూట వేరు.

మైకు పెట్టించకండి. ఇది నేను బతిమాలి చెబుతున్న మాట. ఈ పాట ఇరవై ఆకుల బంతిలో, గొంతు ఆనేంత దూరంలో ఉన్న చుట్టాల మధ్య పుట్టింది. హాలంతా స్పీకర్లలో మోగితే డ్రైవర్లూ, ఆఫీసు స్నేహితులూ, వడ్డించే కుర్రాళ్ళూ వింటారు. వాళ్ళెవరూ ఆవిడకి వదినలు కారు. ఫోనులో వీడియో తీసి కుటుంబం గ్రూపులో పెట్టడం ఇంకా ప్రమాదం. బంతిలో ఆ చరణానికి ముందు నవ్వుంది, తరవాత జవాబుంది. ముక్క కోసి పంపిన వీడియోలో తిట్టొక్కటే ఉంటుంది. వడ్డన మొదలయ్యే ముందు మీ అబ్బాయో తమ్ముడో ఒకరు నిలబడి, ఫోన్లు జేబులో పెట్టండని పెళ్ళివారిద్దరికీ చెప్పాలి.

ఇంత చేసినా ఏదో ఒక మాట తప్పుగా తగలొచ్చు. అందుకే పాడేవాళ్ళలో ఒకరు పాడకుండా చూస్తూ ఉండాలి. ముఖాలు చూస్తే తెలియదు, మర్యాదకి అందరూ నవ్వుతారు. ఆకులో చెయ్యి చూడండి. చెయ్యి ఆగిందంటే తగిలినట్టే. తిట్టు తగిలినవాళ్ళు తిరిగి పాడరు, పక్కవాళ్ళ వంక చూస్తారు. అప్పుడు పాట ఆపి నిశ్శబ్దం చెయ్యకండి, ఆ నిశ్శబ్దం తప్పుని ఎత్తి చూపుతుంది. అదే రాగంలో పాటని మీ మీదికి తిప్పుకోండి, మా ఇంట్లో వంట ఇంతే, మా పెద్దమ్మ నోరు ఇంతే అని. తిప్పుకుంటూనే మీరు బూరెల పళ్ళెం తీసుకుని ఆవిడ ఆకు దగ్గరికి వెళ్ళి మీ చేత్తో వడ్డించండి. తరవాత విడిదికి వెళ్ళి విడిగా, ఎవరూ లేకుండా, "వదినగారూ, ఆ మాట నాకు తెలియక పడింది" అని చెప్పాలి. నేను 1998లో అది చెయ్యలేదు. ఆరేళ్ళ తరవాత వెళ్ళి చెప్పాను.

పెద్దమ్మగారితో మాత్రం వద్దని మొదలుపెట్టకండి. రేపే వెళ్ళి, ఆవిడ పాటలన్నీ పాడించుకుని ఒక నోటుబుక్కులో రాసుకోండి, పచ్చివి కూడా. మన ఆడవాళ్ళు తమలో తాము ఏం పాడుకున్నారో ఆ పుస్తకంలోనైనా ఉండనివ్వండి. ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకని చరణాలు అందులో ఉండే ఉంటాయి. రాయడం అయ్యాక, పెళ్ళికొడుకు అమ్మమ్మ కూడా వస్తోందనీ, ఆవిడ పెద్దమ్మగారికి వదిన వరస అవుతుందనీ, ఆవిడకి జవాబు చెప్పగలిగేది పెద్దమ్మగారొక్కరేననీ చెప్పండి. ఆ అమ్మమ్మకి చీర మీరు వేరే కొనక్కర్లేదు. బంతి అయ్యాక పెద్దమ్మగారి చేత్తోనే, తాను పాడిన ఆ అమ్మమ్మకి తాంబూలంలో రవికెల గుడ్డ పెట్టించండి.